పరీక్షకి చదివే ఫ్రెండ్‌కి ఏం ఇవ్వాలి? జిరాక్స్ ఖాతా

గ్రూప్-2 లాంటి పరీక్షకి చదివే ఫ్రెండ్ పుట్టినరోజుకి ఏం ఇవ్వాలో తోచదు. కొత్త పుస్తకం ఇస్తే అది ఇంకో సిలబస్ అయిపోతుంది. వాళ్ల పుస్తకాలు వాళ్లు ఎప్పుడో ఎంచుకుని ఉంటారు.

మా ఫ్రెండ్ ద్వారకానగర్ లైబ్రరీలో చదువుతుంది. కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ ఫోన్‌లోనే ఉంటాయి, ప్రింట్ తీయించాలంటే ప్రతిసారీ ఖర్చు చూసుకుంటుంది. అందుకే తను రోజూ వెళ్లే జిరాక్స్ షాపులో 300 రూపాయలు ముందే కట్టేశాను. పేజీ 2 రూపాయల లెక్కన 150 పేజీలు. షాపాయన నోట్‌బుక్‌లో తన పేరు, మొత్తం రాసుకున్నారు. అదే ఒక చీటీ మీద రాయించి, సంతకం పెట్టించి, కవర్లో పెట్టి తనకిచ్చాను. ప్రింట్ తీసిన ప్రతిసారీ మిగిలింది చీటీ మీద కూడా వేస్తారు.

కవర్ మీద "నీకు నచ్చింది తీయించుకో, తొందరేం లేదు" అని రాస్తే చాలు. ఆల్ ద బెస్ట్‌లు, ర్యాంకు మాటలు వద్దు. తర్వాత ఎంత వాడావని కూడా అడగకండి, అడిగితే అది చదువు లెక్క అడిగినట్టే ఉంటుంది.

ట్యాబ్‌లోనే చదివేవాళ్లకి ఇది పనికిరాదు. పరీక్ష దగ్గరపడ్డాక ఇచ్చినా అంతే, అప్పుడు కొత్త ప్రింట్లు తీయరు, ఉన్నవే తిరగేస్తారు. అలాంటప్పుడు అదే డబ్బు టిఫిన్ సెంటర్లో కట్టండి.