బీముల లెక్కలు – 5వ పాఠం: బోర్లించిన టీ

పోయిన పాఠంలో దీర్ఘచతురస్రపు కడ్డీతో సరిపెట్టుకున్నాం. దాని సెంట్రాయిడ్ ఎక్కడుందో వెతకక్కర్లేదు, సగం ఎత్తులో ఉంటుంది. పైఅంచులోనూ కిందిఅంచులోనూ స్ట్రెస్ ఒకటే వస్తుంది. టీ-సెక్షన్‌కి వచ్చేసరికి ఈ రెండు సుఖాలూ పోతాయి.

ఉదాహరణకి మన నల్లగొండ, పాలమూరు వైపు బండల కప్పునే తీసుకుందాం. గోడ నుంచి గోడకి ఇనుప టీలను తలకిందులుగా, అంటే వెడల్పు పట్టీ కిందికి వచ్చేలా వేస్తారు. ఆ పట్టీ రెండు రెక్కల మీద తాండూరు బండలు కూర్చుంటాయి. నిలువు పట్టీ బండల మధ్య సందులో నుంచి పైకి లేచి, పైన పోసే కాంక్రీట్‌లో కలిసిపోతుంది. వెడల్పు పట్టీ ఫ్లాంజ్, నిలువు పట్టీ వెబ్.

మన టీని రెండు ప్లేట్లు వెల్డింగ్ చేసి తయారు చేశారనుకుందాం. ఫ్లాంజ్ 150 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం. దాని మీద నిలబెట్టిన వెబ్ 10 మి.మీ. మందం, 100 మి.మీ. ఎత్తు. మొత్తం ఎత్తు 110. వెబ్ ఎత్తుని 110 అని రాసేవాళ్లు చాలామంది ఉంటారు. అలా రాస్తే రెండు ప్లేట్లు కలిసే చోటు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. వెబ్ ఫ్లాంజ్ పైనుంచే మొదలవుతుంది, కాబట్టి 100 మాత్రమే.

ముందు సెంట్రాయిడ్. ఫ్లాంజ్ అడుగు నుంచి కొలుద్దాం. ఫ్లాంజ్ ఏరియా 1500 చ.మి.మీ., దాని మధ్యబిందువు 5 మి.మీ. ఎత్తులో ఉంది. వెబ్ ఏరియా 1000, దాని మధ్యబిందువు 10 + 50 = 60 మి.మీ. ఎత్తులో.

```
ȳ = (1500×5 + 1000×60) / 2500
  = 67500 / 2500 = 27 mm
```

అంటే న్యూట్రల్ యాక్సిస్ అడుగు నుంచి 27 మి.మీ. పైన ఉంది. అక్కడి నుంచి వెబ్ కొన 110 – 27 = 83 మి.మీ. దూరం.

ముందుకు పోయేముందు ఒక్క తనిఖీ చేయండి, దీన్ని మాత్రం వదలొద్దు. కావడికి రెండు వైపులా వేర్వేరు బరువులుంటే భుజం బరువైన వైపుకి జరుగుతుంది కదా, ఇక్కడా అంతే. ఫ్లాంజ్ మధ్యబిందువు యాక్సిస్ నుంచి 27 – 5 = 22 మి.మీ. కింద ఉంది, వెబ్‌ది 60 – 27 = 33 మి.మీ. పైన. 1500×22 = 33,000. 1000×33 = 33,000. రెండూ సమానంగా వచ్చాయంటే సెంట్రాయిడ్ సరైన చోటే ఉంది.

ఇప్పుడు మొమెంట్ ఆఫ్ ఇనర్షియా. ఒక్కో ప్లేటుకి రెండు భాగాలుంటాయి. ఒకటి తన సొంత మధ్యగీత చుట్టూ ఉన్నది, bd³/12. రెండోది ఆ ప్లేటు న్యూట్రల్ యాక్సిస్‌కి దూరంగా ఉన్నందుకు వచ్చేది, Ad². bd³/12లో d అంటే ప్లేటు ఎత్తు, Ad²లో d అంటే మాత్రం ఇందాక తనిఖీలో వాడిన 22, 33లే.

```
Flange: 150×10³/12 + 1500×22² =  12500 +  726000
Web:    10×100³/12 + 1000×33² = 833333 + 1089000
I = 2660833 mm⁴
```

ఫ్లాంజ్ వరసని కాస్త నిదానంగా చూడండి. దాని సొంత భాగం 12,500 మాత్రమే, దూరం వల్ల వచ్చింది 7,26,000. పడుకోబెట్టిన ప్లేటుకి సొంతంగా వంగకుండా ఆగే శక్తి దాదాపు లేదు, యాక్సిస్‌కి ఎడంగా ఉండటమే దాని బలం. Ad² మరిచిపోతే I మొత్తం 8,45,833 దగ్గరే ఆగిపోతుంది, అసలు విలువలో మూడోవంతు కూడా కాదు. ఆ పొరపాటుని పట్టుకోవడం తేలిక, ఎందుకంటే చివర్లో స్ట్రెస్ ఉక్కు తట్టుకోలేనంత పెద్దదిగా వచ్చి అనుమానం పుట్టిస్తుంది.

ఇక బరువు. టీలను మీటరు ఎడంతో వేశారు, గోడల మధ్య స్పాన్ 2.4 మీటర్లు. 50 మి.మీ. బండ చదరపు మీటరుకి సుమారు 1.3 కిలోన్యూటన్లు. పైన పోసిన పొరకి 2.0 వేద్దాం. మనుషులు ఎక్కి తిరిగే కప్పుకి కోడ్ ప్రకారం 1.5. టీ సొంత బరువు మీటరుకి సుమారు 0.2. అన్నీ కలిపితే టీ మీద మీటరుకి 5 కిలోన్యూటన్లు. రెండు కొనలూ గోడల మీద ఊరికే ఆని ఉన్నాయి కాబట్టి బెండింగ్ మొమెంట్ నడిమధ్యలో ఎక్కువ:

```
M = wL²/8 = 5×2.4²/8 = 3.6 kN·m = 3600000 N·mm
```

పొడవులన్నీ మిల్లీమీటర్లలో ఉన్నాయి కాబట్టి M ని కూడా న్యూటన్-మిల్లీమీటర్లలోకి మార్చాం. అప్పుడు జవాబు నేరుగా మెగాపాస్కల్స్‌లో వస్తుంది.

```
σ = M·y/I
Web tip (y = 83):      112.3 MPa
Flange base (y = 27):   36.5 MPa
```

బీము కిందికి వంగుతుంది కాబట్టి అడుగున ఉన్న ఫ్లాంజ్ సాగుతుంది, అది టెన్షన్. పైనున్న వెబ్ కొన నలుగుతుంది, అది కంప్రెషన్. రెండు స్ట్రెస్‌ల నిష్పత్తి 83కి 27 ఎంతో అంతే, మూడు రెట్లకి పైనే. 250 మెగాపాస్కల్స్ దగ్గర లొంగే మామూలు ఉక్కుకి పాత పద్ధతిలో బెండింగ్‌కి 165 దాకా ఒప్పుకుంటారు. 112 దానికి లోపలే ఉంది. కానీ ఒక షరతు. నలిగే వైపున ఉన్నది 10 మి.మీ. సన్నని పట్టీ కొన. దాన్ని పక్కకి వాలకుండా కాంక్రీట్ పట్టుకున్నంతవరకే ఈ 165 మాట చెల్లుతుంది. పైపొర లేకుండా టీని ఉత్తగా వదిలేస్తే కొన పక్కకి ఒరిగిపోవచ్చు, అప్పుడు ఈ పోలిక పనికిరాదు.

అసలు భయపడాల్సిన పొరపాటు ఇంకొకటి ఉంది. దీర్ఘచతురస్రం అలవాటులో యాక్సిస్‌ని సగం ఎత్తులో, 55 దగ్గర పెట్టేస్తారు. మిగతా లెక్కంతా శ్రద్ధగానే చేస్తారు. అప్పుడు I 46,20,833 వస్తుంది, y రెండు వైపులా 55, స్ట్రెస్ 42.8 మెగాపాస్కల్స్. 112 ఉన్నచోట 43! చూడటానికి ఎంతో భద్రంగా కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. Ad² మరిచిన తప్పు అరిచి చెబుతుంది, ఇది మాత్రం నోరు మెదపదు. ఏ ఆకారానికైనా ఒక దిక్కున గీసిన యాక్సిస్‌లన్నిటిలో సెంట్రాయిడ్ గుండా పోయేదాని చుట్టూనే I అతి తక్కువ. వేరే చోట పెడితే పెరుగుతుందే తప్ప తగ్గదు, కాబట్టి ఈ తప్పు I ని ఎప్పుడూ ఎక్కువ చేసి చూపిస్తుంది. ఇందాకటి తనిఖీ చేసి ఉంటే ఇక్కడే దొరికేది: 1500×50 = 75,000, 1000×5 = 5,000. ఎక్కడా పొసగదు.

ఇప్పుడు మీ వంతు. అదే టీని ఫ్లాంజ్ పైకి ఉండేలా తిప్పండి. ఒక కొనని గోడలో గట్టిగా బిగించి, 0.8 మీటర్లు బయటికి సజ్జాలా వదలండి. బరువు అదే, మీటరుకి 5 కిలోన్యూటన్లు. I మళ్లీ కట్టక్కర్లేదు, తిప్పినా అది మారదు. కానీ మొమెంట్ సూత్రం wL²/2 అవుతుంది, పైగా సజ్జాలో సాగేది పైఅంచు. గోడ దగ్గర పైన 16.2 టెన్షన్, కింద 49.9 కంప్రెషన్ రావాలి. అంకెలు కుదిరి గుర్తులు తారుమారైతే, వంపు ఏ వైపుకో బొమ్మ గీసుకుని మళ్లీ చూడండి.

తనిఖీలో వచ్చిన 33,000 ని నోట్‌బుక్‌లో రాసి ఉంచుకోండి. ఫ్లాంజ్‌నీ వెబ్‌నీ కలిపిన వెల్డింగ్ మీద ఎంత షియర్ పడుతుందో 6వ పాఠంలో దానితోనే లెక్కకడతాం.