పెద్ద అక్షరాల పుస్తకం: వత్తులు గుద్దుకోకుండా ఎలా చేయాలి?

పెద్దవాళ్లకి పెద్ద అక్షరాల ప్రతి కావాలనగానే చాలామంది జిరాక్స్ షాపుకి వెళ్లి ఏ4ని ఏ3కి పెంచి తెచ్చేస్తారు. అది 141 శాతం పెంపు, అంటే 12 పాయింట్ల అక్షరం 17 దగ్గర ఆగుతుంది. కాగితం మాత్రం ఒళ్లో పట్టనంత అవుతుంది. అక్షరాల మధ్య ఇరుకు పోదు, అదీ అంతే పెరుగుతుంది. కాబట్టి ఫైలునే మళ్లీ అమర్చాలి, వేరే దారి లేదు.

ఉదాహరణకి నల్లకుంటలో ఒక సత్సంగం వాళ్ల పుస్తకం తీసుకుందాం. ఏ5 సైజు, 12 పాయింట్లు, 40 పేజీలు. ముందుగా టెక్స్ట్ యూనికోడ్‌లో ఉందో లేదో చూడండి. డీటీపీ షాపు నుంచి వచ్చిన పాత ఫైలైతే చాలావరకు Anu లాంటి పాత తరహా ఫాంట్లలో ఉంటుంది, ఫాంట్ మార్చగానే పిచ్చి గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి చదివి తప్పులు దిద్దుకోండి.

వర్డ్‌లో పేజీ ఏ4, నాలుగు వైపులా రెండున్నర సెంటీమీటర్ల మార్జిన్, బైండింగ్ వైపు ఇంకో సెంటీమీటరు. అక్షరం 22 పాయింట్లు. ఇంగ్లిష్‌లో 18 చాలంటారు గానీ, మనకి అదే చోటులో పైన గుడి, కింద వత్తు కూడా పట్టాలి. ప్రింట్ తీసి స్కేలు పెడితే 'ప' ఎత్తు 4 మిల్లీమీటర్లకి తగ్గకూడదు.

ఫాంట్ Mandali గానీ Noto Sans Telugu గానీ వాడండి. పెళ్లి శుభలేఖల్లో వాడే వంపుల ఫాంట్లు వద్దే వద్దు. అనుమానముంటే 'ద ధ, ప ఫ, చ ఛ, మ య' అని టైపు చేసి ప్రింట్ తీయండి. దకీ ధకీ తేడా కింద ఉండే చిన్న గీతే. అది చేయి చాచినంత దూరంలో కనబడకపోతే ఆ ఫాంట్ పనికిరాదు. పుస్తకమంతా బోల్డ్ చేస్తే ఇంకా బాగా కనిపిస్తుందనుకుంటారు. 'ఖ', 'ఘ' లోపలి ఖాళీలు పూడుకుపోయి అక్షరం మచ్చలా తయారవుతుంది. బోల్డ్ శీర్షికలకే.

ఇక అందరూ పాడుచేసేది లైన్ల మధ్య ఎడం. వర్డ్‌లో Line spacing దగ్గర Exactly పెట్టి ఏదో అంకె వేస్తారు. ఇంగ్లిష్‌కి సరిపోయిన ఆ అంకె తెలుగులో గుడినో వత్తునో కోసేస్తుంది. 'రాష్ట్రం' చూడండి: ష కింద ట వత్తు, దాంతోపాటు రావత్తు. సరిగ్గా దాని కింది లైన్లో 'కీర్తి' వచ్చిందంటే, పై మాట వత్తు కింది మాట గుడిదీర్ఘానికి తగులుతుంది. చూపు బాగున్నవాళ్లు ఊహించుకుని చదివేస్తారు. పెద్దవాళ్లకి అక్కడ రెండు అక్షరాలు కలిసి మూడోది కనిపిస్తుంది.

Multiple పెట్టి 1.5 వేస్తే సరిపోతుందని కొందరు. అది ఫాంట్ సొంత ఎత్తుని బట్టి మారుతుంది. ఒక ఫాంట్‌లో ఇరుకుగా, ఇంకోదాంట్లో లైన్లు విడిపోయినంత దూరంగా వస్తుంది. నేను At least తప్ప ఇంకేదీ ఒప్పుకోను. 22 పాయింట్ల అక్షరానికి 38తో మొదలుపెట్టండి. దాన్ని 40 చేసినా లైన్లు కదలకపోతే ఫాంట్ ఎత్తే అంతకన్నా ఎక్కువని అర్థం, కదిలేదాకా పెంచండి. మధ్యలో ఒక్క లైనే దూరంగా జరిగితే ఆ లైన్లో ఎక్కడో పాత ఫాంట్ మిగిలిపోయింది. చాలాసార్లు అది కంటికి కనబడని ఖాళీయో, ఒక చుక్కో అయి ఉంటుంది. ఆ లైను మొత్తం సెలెక్ట్ చేసి ఫాంట్ మళ్లీ పెడితే సర్దుకుంటుంది.

తెర మీద చూసి సరేననుకోవద్దు. 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం', 'స్త్రీ' ఒక లైన్లో, 'కీర్తి', 'ధీరుడు' కింది లైన్లో వేసి ఒక పేజీ ప్రింట్ తీయండి. రెండు లైన్ల మధ్య తెల్లటి దారి ఎక్కడా తెగకుండా కనబడాలి.

పేరాల మధ్య ఎంటర్ రెండుసార్లు కొట్టకండి, Spacing After 14 పెట్టండి. ఎడమ వైపు అలైన్ చేయండి. జస్టిఫై చేస్తే మన పొడుగాటి మాటల వల్ల లైను మధ్యలో పెద్ద పెద్ద కంతలు పడతాయి.

ఆ 40 పేజీలు ఏ4లో 80 దాకా అవుతాయి. అది చూసి టెన్షన్ పడి అక్షరం తగ్గించకండి, రెండు భాగాలు చేయండి. ఫైలుని పీడీఎఫ్ చేసే తీసుకెళ్లండి. వర్డ్ ఫైలిస్తే, షాపు కంప్యూటర్లో మీ ఫాంట్ లేకపోతే అది వేరేది వేసేసి లైన్లన్నీ జరిపేస్తుంది. కోఠిలోనైనా చిక్కడపల్లిలోనైనా షాపతనికి రెండు మాటలు గట్టిగా చెప్పండి: ప్రింట్ Actual size లోనే ఇవ్వాలి, Fit పెట్టకూడదు; కాగితం మెరుపు లేనిది, వెనక అక్షరాలు ఇటు కనబడనంత మందం ఉన్నది కావాలి. బైండింగ్ స్పైరల్ చేయించండి, చేత్తో నొక్కి పట్టుకోకుండానే పేజీ తెరిచి ఉంటుంది.