ఆర్డర్ పెంచినా సంచులు అయిపోతున్నాయా?

సమస్య: భీమవరం పరిసరాల్లోని ఒక రొయ్యల మేత మిల్లును ఉదాహరణగా తీసుకుందాం. 25 కిలోల మేత నింపే ఖాళీ సంచులు రోజుకు సగటున 1,000 ఖర్చవుతాయి. సరుకు రావడానికి సగటున 6 రోజులు పడుతుంది కనుక నిల్వ 6,000కు తగ్గగానే ఆర్డర్ పెడతారు. అయినా లారీ రాకముందే సంచులు నిండుకుని ప్యాకింగ్ ఆగిపోతోంది. అందుకని ఆర్డర్‌ను 15,000 నుంచి 30,000కు పెంచారు, కానీ ఇబ్బంది తీరలేదు.

కారణం: ముందుగా సరుకు రాకపోకలు రాసిపెట్టే బిన్ కార్డు తీసి ఆర్డర్ పెట్టిన రోజున ఎంత నిల్వ ఉందో చూడాలి. అది 6,000కు బాగా తక్కువగా ఉంటే సరుకు కావాలని కోరే ఇండెంట్ ఆలస్యంగా వెళ్లిందన్నమాట. సరిగ్గా 6,000 దగ్గరే పెట్టినా సరుకు అయిపోయిందంటే, లోపం రీఆర్డర్ స్థాయిలోనే, అంటే ఏ నిల్వ దగ్గర ఆర్డర్ పెట్టాలో చెప్పే అంకెలోనే ఉంది. సగటు వాడకాన్ని సరుకు రావడానికి పట్టే సగటు గడువుతో గుణించి తేల్చిన ఆ అంకెలో భద్రతా నిల్వ ఒక్క సంచి కూడా లేదు. కాబట్టి లారీ ఒక్క రోజు ఆలస్యమైనా పని ఆగుతుంది.

ఆర్డర్ పరిమాణం ఎంత కొనాలో చెబుతుందే తప్ప ఎప్పుడు కొనాలో చెప్పదు. ఏడాదికి 3,00,000 సంచులు, ఆర్డర్ ఒక్కింటికి రూ. 1,500 ఖర్చు, సంచికి ఏడాది నిల్వ ఖర్చు రూ. 4 అనుకుంటే, ఈ రెండు ఖర్చులూ కలిపి అతి తక్కువయ్యే ఆర్డర్ పరిమాణం, అంటే EOQ, లెక్క ఇది:

```
EOQ = √(2 × 300000 × 1500 ÷ 4) = 15000
```

ఈ పరిమాణంలో కొంటే ఆర్డర్, నిల్వ ఖర్చులు కలిపి ఏడాదికి రూ. 60,000 అవుతాయి. 30,000 చొప్పున కొంటే అవి రూ. 75,000కు చేరతాయి. సరుకు అయిపోయే గండం ఏడాదికి 20 సార్లకు బదులు 10 సార్లు వస్తుందే కానీ, వచ్చిన ప్రతిసారీ అంతే తీవ్రంగా ఉంటుంది.

పరిష్కారం: ఆర్డర్‌ను తిరిగి 15,000కు తగ్గించి, రీఆర్డర్ స్థాయిని పెంచాలి. గత ఏడాది రికార్డులో రోజు వాడకం గరిష్ఠంగా 1,200, గడువు గరిష్ఠంగా 8 రోజులు ఉంటే, రెండింటి లబ్ధం 9,600 కొత్త రీఆర్డర్ స్థాయి అవుతుంది. అందులోంచి సగటు అవసరమైన 6,000 తీసేస్తే 3,600 భద్రతా నిల్వ. దాన్ని ఉంచడానికి ఏడాదికి రూ. 14,400 పడుతుంది, పెద్ద ఆర్డర్ వల్ల వృథాగా పోతున్న రూ. 15,000 కంటే ఇది తక్కువే.

గోదావరి వరదకు రోడ్డు తెగి లారీ నిలిచిపోయిన రోజులను ఈ గరిష్ఠ గడువులో కలపకూడదని నా అభిప్రాయం. కలిపితే ఏడాది పొడవునా అనవసరమైన నిల్వను మోయాల్సి వస్తుంది. జూలైకి ముందే ఒకసారి అదనంగా కొనుక్కుంటే ఆ అవసరం తీరుతుంది. ఇక చేపపొడి లాంటి ముడిసరుకుకు ఇదే లెక్కను యథాతథంగా వాడకూడదు. వానాకాలపు తేమకు అది బూజు పడుతుంది కనుక, అక్కడ నిల్వ పెంచడం కన్నా సరఫరాదారు చేత గడువు పాటింపజేయడమే మేలు.