ఉద్యోగ వేట పాఠాలు – 4: రేపటి ఇంటర్వ్యూకు వెళ్ళలేనప్పుడు

గత పాఠం చివర ఇచ్చిన పని చేసి ఉంటే, ఇంటర్వ్యూకు పిలిచినవారి పేరు, ఫోను నంబరు, ఈమెయిలు చిరునామా ఒక కాగితం మీద రాసి పెట్టుకుని ఉంటారు. ఆ కాగితం బయటికి తీయండి.

ఈసారి ఒకే ఒక్క సందర్భం చూద్దాం. గుంటూరు అరండల్‌పేటలో ఉండే ఒక అమ్మాయికి విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక సంస్థలో అకౌంట్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. గురువారం ఉదయం 10.30కు రమ్మన్నారు. బుధవారం రాత్రి 8 గంటలకు వాళ్ళమ్మ స్నానాలగదిలో జారిపడింది. మణికట్టు ఎముక విరిగిందని, మర్నాడు ఉదయమే ఆపరేషన్ అని డాక్టరు చెప్పారు. ఇంట్లో మరో మనిషి లేరు. ఇంటర్వ్యూకు వెళ్ళే దారి లేదు, ఉద్యోగం మాత్రం కావాలి.

ఇలాంటప్పుడు చాలామంది 'పొద్దున చూద్దాంలే' అనుకుంటారు. తెల్లవారాక ఆసుపత్రి హడావుడిలో పడి, 10.20కి గుర్తొచ్చి ఫోను చేస్తారు. నేను కొన్నేళ్ళు విజయవాడలో ఒక కార్యాలయంలో ఇంటర్వ్యూలు ఏర్పాటు చేసే పని చేశాను. రానివారి మీద మాకు కోపం ఉండేది కాదు. మా అకౌంట్స్ అధికారి చేతిలో పని పక్కన పెట్టి వచ్చి, ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చోవలసి వచ్చినప్పుడే ఇబ్బంది. 9 గంటలకు తెలిస్తే 12 గంటలకు రావలసినవారిని ముందుకు జరపడానికి ప్రయత్నించవచ్చు, లేదా అధికారిని ఆయన పనికి వదిలేయవచ్చు. 10.20కి తెలిస్తే చేయగలిగింది ఏమీ లేదు. కాబట్టి కబురు రాత్రే వెళ్ళాలి, ఈమెయిలుగా. ఆ వేళప్పుడు ఫోను వద్దు.

ఆ అమ్మాయి రాసే ఉత్తరం ఇలా ఉండవచ్చు. మీరు దీన్ని ఇంగ్లీషులో రాయవలసి వస్తే విషయం, వరుస ఇవే ఉంచండి.

"విషయం: గురువారం 10.30 ఇంటర్వ్యూ (అకౌంట్స్) – మరో తేదీ కోసం అభ్యర్థన

నమస్కారం మేడమ్. రేపు ఉదయం 10.30కు నా ఇంటర్వ్యూ ఉంది. ఈ రాత్రి మా అమ్మగారికి చెయ్యి విరిగింది. రేపు ఉదయం ఆపరేషన్. నేను ఆమె దగ్గర ఉండవలసి ఉన్నందున రేపు రాలేను. చివరి నిమిషంలో తెలియజేస్తున్నందుకు క్షమించండి. ఈ ఉద్యోగం మీద నా ఆసక్తి అలాగే ఉంది. సోమవారం ఉదయం 10 నుంచి 1 గంట మధ్య, లేదా మంగళవారం మధ్యాహ్నం 2 తర్వాత ఏ సమయానికైనా విజయవాడ రాగలను. రేపు ఉదయం 9.30కు మీకు ఫోను చేస్తాను."

కింద పేరు, ఫోను నంబరు. ఇంతే.

ఉత్తరం ఇంత పొట్టిగా ఉండటానికి కారణం ఉంది. మేడమ్ దీన్ని చదివి ఊరుకోరు, లోపలి అధికారికి యథాతథంగా పంపుతారు. అందులో ఎక్స్‌రే ఫొటో, అమ్మ ఎలా పడిందన్న కథ, నాలుగు క్షమాపణలు ఉంటే ఆమె మళ్ళీ తన మాటల్లో రాసుకోవాలి. ఆ పనిని రేపటికి వాయిదా వేస్తారు, మీరూ దానితోపాటు వాయిదా పడతారు. ఉద్యోగం పేరు, పాత సమయం, కారణం ఒక ముక్కలో, కొత్త సమయాలు రెండు ఉంటే ఒక్క నొక్కుతో ఉత్తరం ముందుకు వెళ్తుంది.

ఇక ఆ రెండు సమయాల సంగతి. పాఠంలో అసలు మెలిక ఇక్కడే ఉంది. మనం భోజనానికి పిలిస్తే రాలేనివారు "మళ్ళీ ఎప్పుడైనా వస్తానండీ" అంటారు. అది రానని చెప్పడానికి మర్యాదైన పద్ధతి అని ఇద్దరికీ తెలుసు. ఇంటర్వ్యూ మానుకుంటూ "మీరు ఎప్పుడంటే అప్పుడు వస్తాను" అని రాసినా అవతలివారి చెవికి అలాగే వినిపిస్తుంది. వినయంగా ఉందని మనం అనుకుంటాం, కానీ తేదీ వెతికే భారమంతా వాళ్ళ మీద వేశాం. వారం పేరు, గంట చెప్పినవారే నిజంగా రాదలచుకున్నవారు.

ఆ అమ్మాయి శుక్రవారం అని రాయలేదు, గమనించారా? ఆపరేషన్ మర్నాడు ఇంటికి పంపుతారో లేదో తెలియదు. సోమవారం నాటికి పిన్నిగారు తెనాలి నుంచి వస్తానన్నారు కాబట్టి సోమవారం రాసింది. తొందరపడి దగ్గరి తేదీ ఇచ్చి అదీ తప్పితే, మూడోసారి అడిగే ముఖం ఉండదు. అలాగని పది రోజుల తర్వాతి తేదీ ఇస్తే ఈలోగా ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారు.

వీడియోలో మాట్లాడతానని అడగవచ్చా? నిశ్శబ్దంగా ఉన్న గది, నిలకడైన నెట్ ఉంటేనే. ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్ల మధ్య నిలబడి జీఎస్టీ ప్రశ్నలకు జవాబు చెప్పడం కంటే సోమవారం దాకా ఆగడం మేలు.

ఉదయం 9.30కు ఫోను. ఇది మీరే చేయాలి. నాన్నగారి చేతో అన్నయ్య చేతో చేయించే అలవాటు మన వైపు బాగా ఉంది, ఉద్యోగం మాత్రం వారికి కాదు కదా.

"నమస్కారం మేడమ్, ఈరోజు 10.30 ఇంటర్వ్యూకు రావలసిన అభ్యర్థిని. రాత్రి ఈమెయిలు పంపాను. చూశారా?"

"ఇంకా చూడలేదమ్మా."

"అమ్మగారికి ఈ ఉదయం ఆపరేషన్ ఉండటం వల్ల ఈరోజు రాలేకపోతున్నానండీ. సోమవారం ఉదయం గానీ, మంగళవారం మధ్యాహ్నం గానీ రాగలను. ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూలు ఏ రోజు వరకు జరుగుతాయో చెప్పగలరా?"

చివరి ప్రశ్న మరిచిపోకండి. "వచ్చే బుధవారం వరకు" అంటే మీకు చోటు ఉంది. "ఈరోజుతో అయిపోతాయి" అంటే, సాయంత్రం 5 తర్వాత వీడియోలో వీలవుతుందా అని అప్పటికప్పుడే అడగాలి. "చూసి చెబుతామమ్మా" అంటే మాత్రం అది "మళ్ళీ ఎప్పుడైనా" లాంటి మాటే కావచ్చు. అప్పుడు "రేపు సాయంత్రం ఒకసారి ఫోను చేయనా?" అని అనుమతి తీసుకోండి. ఆ ఒక్కసారే చేయండి.

ఇంటర్వ్యూ పిలుపు ఫోను క్యాలెండర్‌లో వచ్చి ఉంటే, అందులో `No` నొక్కి పని అయిపోయిందనుకోవద్దు. అవతలివారికి అది తిరస్కారంగా కనిపిస్తుంది, మరో తేదీ అడిగినట్టు కాదు. కన్సల్టెన్సీ ద్వారా వచ్చిన ఇంటర్వ్యూ అయితే ముందు వారికే ఫోను చేసి, మీ ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు సంస్థకు పంపమనండి. నోటిమాటగా వదిలేస్తే "ఆ అమ్మాయికి ఇష్టం లేదట" అని చేరిన సందర్భాలు నేను చూశాను.

అమ్మ చెయ్యి విరగలేదు, అదే రోజు మరో సంస్థలో ఇంటర్వ్యూ పడిందనుకోండి. అప్పుడు లేని ఆసుపత్రిని సృష్టించవద్దు. "ముందే ఒప్పుకున్న పని ఒకటి ఉంది" అంటే చాలు, అదీ నిజమైతేనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ నీట మునిగినప్పటిలాంటి రోజైతే ఎవరికీ కారణం విప్పి చెప్పనక్కర్లేదు, కొత్త సమయం మాత్రం అప్పుడూ అడగాలి. పబ్లిక్ సర్వీస్ కమిషన్ వంటి ప్రభుత్వ నియామకాలకు ఈ పాఠం వర్తించదు. అక్కడ పిలుపు పత్రంలో రాసి ఉన్న నిబంధనే చివరిమాట.

సోమవారం 11 గంటలకు రమ్మన్నారనుకుందాం. "సోమవారం 11 గంటలకు వస్తున్నాను" అని వెంటనే ఒక వాక్యం ఈమెయిలు చేయాలి. అమ్మ ఆరోగ్యం గురించి ఇంటర్వ్యూలో వాళ్ళు అడిగితే ఒక్క మాటలో చెప్పి, అకౌంట్స్‌లోకి వచ్చేయాలి.

అభ్యాసం: ఈ రాత్రి మీ ఊహలో ఒక ఇంటర్వ్యూ తప్పించుకోండి. పై ఉత్తరం చూడకుండా మీ ఉత్తరం రాసి, మీ ఇంట్లో ఒకరికి ఇవ్వండి. "నేను ఏ రోజు, ఏ గంటకు వస్తానంటున్నాను?" అని అడగండి. వాళ్ళు కాగితంలో వెతుక్కుంటే, మళ్ళీ రాయండి.