పివట్ టేబుల్‌లో గ్రాండ్ టోటల్ తప్పుగా అనిపిస్తే

పివట్ టేబుల్ స్క్రీన్‌షాట్ పంపి, "అడ్డంగా, నిలువుగా ఎటు చూసినా గ్రాండ్ టోటల్ కుదరట్లేదు" అని అడిగితే, నేను ముందు ఎడమవైపు పై మూల చూస్తాను. అక్కడ Sum of కాకుండా Average of అని ఉంటే చాలావరకు కారణం అదే.

నిన్న చూసిన దాంట్లో ఒక వరుస సగటు 150, ఇంకోటి 50. కింద 100 రావాలి కదా, 70 ఉంది. ఎక్సెల్‌లో ఆ 70 మీద డబుల్ క్లిక్ చేస్తే, దాని వెనకున్న అసలు వరుసలన్నీ కొత్త షీట్‌లో తెరుచుకుంటాయి. మొదటి దానికి 2 ఎంట్రీలు, మొత్తం 300. రెండో దానికి 8, మొత్తం 400. అంటే 700ని 10తో భాగించింది. గ్రాండ్ టోటల్ పైన కనిపించే సగటులను పట్టించుకోదు, అసలు డేటా నుంచి మళ్లీ లెక్కిస్తుంది. కాబట్టి 70 సరైనదే.

డబుల్ క్లిక్‌కు ముందు Refresh తప్పకుండా నొక్కండి. లేకపోతే డేటా మార్చినా పాత వరుసలే వస్తాయి, టెన్షన్ ఇంకా పెరుగుతుంది. చూశాక ఆ కొత్త షీట్ తీసేయొచ్చు.