మార్కెట్ ఆర్డర్ వేస్తే తెరపై కనిపించిన ధరకు షేర్లు ఎందుకు రావు?

సమస్య: ఎన్‌ఎస్‌ఈలో ఒక చిన్న కంపెనీ షేరు చివరి ట్రేడు ధర 142 రూపాయలుగా కనిపించింది. 2,000 షేర్లకు మార్కెట్ ఆర్డర్, అంటే దొరికిన ధరకే వెంటనే కొనే ఆర్డర్, వేస్తే సగటున 142.97 రూపాయలు పడింది.

కారణం: చివరి ట్రేడు ధర ఇంతకుముందు జరిగిన లావాదేవీది. మనకు ఇప్పుడు అమ్మేవారు ఏ ధరకు ఎన్ని షేర్లు ఇస్తారో మార్కెట్ డెప్త్‌లోని ఆఫర్ల వరుసే చెబుతుంది. ఆ సమయంలో ఆ వరుసలో 142.10 వద్ద 300, 142.25 వద్ద 450, 142.60 వద్ద 200, 143.40 వద్ద 700, 144.00 వద్ద 1,200 షేర్లు ఉన్నాయనుకుందాం. ఆర్డర్ మొదటి నాలుగు మెట్లనూ ఖాళీ చేసి 1,650 షేర్లు తీసుకుని, మిగిలిన 350 కోసం 144 వరకు వెళ్లింది. చివరి ట్రేడు ధర కూడా ఒక్కసారిగా 144కు ఎగబాకింది. ధరను పెంచింది ఏ వార్తా కాదు, ఆ ఆర్డరే.

పరిష్కారం: ఆర్డర్ వేసే ముందు అతి తక్కువ ధర ఉన్న మెట్టు నుంచి పరిమాణాలను కూడుకుంటూ రావాలి. పైన 142.60 వరకు 950 షేర్లే ఉన్నాయి కనుక, అదే ధరకు లిమిట్ ఆర్డర్, అంటే అంతకు మించి చెల్లించని ఆర్డర్, పెడితే 950 వెంటనే దొరికి, మిగిలిన 1,050 అత్యుత్తమ బిడ్‌గా, అంటే అన్నిటికంటే ఎక్కువ ధరకు కొంటామనే ఆర్డర్‌గా, ఆర్డర్ల పుస్తకంలో నిలుస్తాయి. అయితే అంత పెద్ద బిడ్ అందరికీ కనిపిస్తుంది, దాన్ని చూసి అమ్మేవారు తమ ధర పెంచవచ్చు. అందువల్ల ఆర్డర్‌ను చిన్న భాగాలుగా విడగొట్టి, ఆఫర్ల వైపు కొత్త షేర్లు వచ్చి చేరాకే తర్వాతి భాగం వేయడం మేలని నా అభిప్రాయం. షేర్లు వచ్చి చేరకపోతే, ఆ రోజుకు ఆ షేరులో అంత పెద్ద కొనుగోలుకు చోటు లేదనే అర్థం.

సమస్య: 142.60 వద్ద అమ్మకానికి 200 షేర్లే కనిపిస్తున్నాయి, వేల షేర్లు కొన్నా ధర కదలడం లేదు.

కారణం: ఎన్‌ఎస్‌ఈలో ఆర్డర్ పరిమాణంలో కొంత భాగాన్నే బయటకు చూపే వెసులుబాటు ఉంది. చూపిన భాగం అమ్ముడవగానే తర్వాతి భాగం అదే ధర వద్ద వరుస చివర చేరుతుంది. ట్రేడయిన మొత్తం పరిమాణం వేగంగా పెరుగుతున్నా ఆ మెట్టు వద్ద సంఖ్య మళ్లీ మళ్లీ 200కే వస్తుంటే, వెనుక పెద్ద అమ్మకందారు ఉన్నారని అనుమానించాలి.

పరిష్కారం: ఆ మెట్టు పూర్తిగా ఖాళీ అయ్యేవరకు అంతకంటే పై ధర చెల్లించకుండా, 142.60 వద్దే లిమిట్ ఆర్డర్‌తో కొనాలి.

సమస్య: మొత్తం కొనుగోలు పరిమాణం అమ్మకాలకు మూడింతలున్నా ధర పడిపోతోంది.

కారణం: ఆ మొత్తంలో ప్రస్తుత ధరకు ఎంతో దూరంగా పెట్టిన బిడ్లు కూడా ఉంటాయి. పైగా ఏ ఆర్డర్‌నైనా ట్రేడు జరిగేలోపు రద్దు చేసుకోవచ్చు.

పరిష్కారం: మొత్తాన్ని పక్కనపెట్టి, మొదటి ఐదు బిడ్లను మాత్రమే కొద్దిసేపు గమనించాలి. ధర దగ్గరపడగానే పెద్ద బిడ్ ట్రేడు కాకుండానే మాయమైతే దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అమ్మకాలు వచ్చి తాకుతున్నా అక్కడే నిలిచి, ట్రేడయిన మేరకే తగ్గుతుంటే ఆ బిడ్ నిజమైన కొనుగోలుదారుదేనని భావించవచ్చు.