టోర్నమెంటు వాయిదా నోటీసు పంపే ముందు జాగ్రత్తలు

వానకు మైదానం తడిసి అండర్-14 ఖోఖో పోటీలు వాయిదా పడ్డాయనుకుందాం. "అనివార్య కారణాల వల్ల" అని మొదలుపెట్టకుండా, "శనివారం పోటీలు జరగవు, పిల్లలను పంపవద్దు" అన్న వాక్యం, సందేశం తెరవకముందే ఫోనులో కనిపించే తొలి వరుసలోనే ఉండేలా చూసుకోవాలి.

"రేపు" అని రాయరాదు. ఆ సందేశం మర్నాడు మరో గ్రూపుకు చేరితే అర్థం తారుమారవుతుంది కనుక, తేదీ, వారం రెండూ రాసి క్యాలెండరుతో సరిచూడాలి. కొత్త తేదీ ఖరారు కాకపోతే, ఎప్పటిలోగా తెలియజేస్తారో చెప్పాలి.

ఆ వెంటనే బస్సు సంగతి, కట్టిన రుసుము కొత్త తేదీకి చెల్లుతుందా లేదా, ఆ రోజుకు రాలేనివారు ఎవరికి తెలపాలి అన్నవి రావాలి.

కారణానికి చివర ఒక్క వాక్యం చాలు. కొత్త డ్రా, మ్యాచ్‌ల వేళలు తరువాతి నోటీసులో ఇవ్వవచ్చు.